6 శాతం అని చెప్పిన అద్దె రాబడి చేతికి 3 శాతంగా ఎందుకొస్తుంది: గ్రాస్ ఈల్డ్ నుంచి నెట్ ఈల్డ్ దాకా లెక్క

"ఈ ఫ్లాట్‌కి 6 శాతం ఈల్డ్ వస్తుందంటున్నారు, తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ప్రతిసారీ నేను తిరిగి అడిగేది ఒకటే, అది గ్రాసా, నెట్టా, అంటే ఖర్చులు తీయకముందు అంకా, తీసేశాక మిగిలే అంకా అని. చాలామందికి తెలియదు, ఎందుకంటే అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు. అందుకే మొత్తం లెక్క ఒకేచోట వరుసగా రాస్తున్నా, పక్కన కాగితం పెట్టుకుని మీ అంకెలతో చేసుకుంటూ పొండి.

ఒకటే చిన్న ఫ్లాట్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా దాంతోనే నడుద్దాం. ధర 10,00,000, నెల అద్దె 5,000. ఏ కరెన్సీ అనుకున్నా పర్వాలేదు, మనకి కావాల్సింది అంకెల మధ్య సంబంధమే.

## 1. ముందుగా చేతిలో పెట్టుకోవాల్సినవి

లెక్కలో సగం తప్పులు కూడికలు తీసివేతల్లో జరగవు, తెచ్చుకున్న అంకెల్లోనే ఉంటాయి. కాబట్టి ముందు ఇవి సేకరించుకోండి:

- ఫ్లాట్‌కి మీరు నిజంగా ఇవ్వబోయే ధర
- కొనడానికయ్యే మిగతా ఖర్చులు: రిజిస్ట్రేషన్, లాయరు, బ్రోకర్, అద్దెకి ఇవ్వకముందే చేయించాల్సిన రిపేర్లు
- అదే బిల్డింగ్‌లో అదే సైజు ఫ్లాట్‌కి ఇప్పుడు నిజంగా ఇస్తున్న అద్దె
- అక్కడ టెనెంట్లు సగటున ఎన్ని నెలలు ఉంటున్నారు, ఒకళ్లు వెళ్లాక ఇంకొకళ్లు దిగడానికి ఎన్నాళ్లు పడుతోంది
- నెలనెలా కట్టే బిల్డింగ్ మెయింటెనెన్స్, ఏడాదికి ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్
- ఫ్లాట్‌లో ఏమేం ఉన్నాయి, ఒక్కోటి ఎన్నేళ్ల పాతది

మూడో దాని దగ్గర జాగ్రత్త. ప్రకటనలో పెట్టిన అద్దె అంటే ఓనర్ అడుగుతున్న అద్దె, బేరం అయ్యాక అగ్రిమెంట్‌లో పడేది వేరే అంకె. అదే బిల్డింగ్‌లో అద్దెకున్నవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని అడిగితే బ్రోకర్ చెప్పిన దానికన్నా నమ్మకమైన అంకె దొరుకుతుంది, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ముందువాళ్లు ఎందుకు ఖాళీ చేశారు అనేది కూడా అక్కడే తెలిసిపోతుంది.

## 2. గ్రాస్ ఈల్డ్: అందరూ చెప్పే అంకె

ఇది ఒక్క నిమిషం పని. ఏడాది అద్దెని ధరతో భాగించి వందతో గుణించాలి.

మన ఫ్లాట్‌కి 5,000 × 12 = 60,000. దాన్ని 10,00,000తో భాగిస్తే 6 శాతం. ప్రకటనల్లో, బ్రోకర్ నోట్లో ఉండే 6 శాతం ఇదే.

ఇది అబద్ధం కాదు. పది ఫ్లాట్లు చూసినప్పుడు ఏ మూడింటిని వివరంగా చూడాలో ఏరుకోవడానికి పనికొస్తుంది. అంతకుమించి దేనికీ వాడకండి, ఎందుకంటే ఈ లెక్కలో ఇల్లు ఏడాదిలో ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు, ఒక్క ట్యాప్ కూడా కారదు.

## 3. కింద ఉన్న అంకెని సరిచేయండి

చాలామంది పైనున్న అద్దెలోంచి ఖర్చులు తీసేస్తారు గానీ కింద భాగించే అంకెని అలాగే వదిలేస్తారు. మీ జేబులోంచి పోయింది ధర ఒక్కటే కాదు కదా.

మన కేసులో రిజిస్ట్రేషన్, బ్రోకర్, లాయరు, మొదటి రిపేర్లు అన్నీ కలిపి 80,000 అనుకుందాం. అంటే పెట్టుబడి 10,80,000. ఇక నుంచి భాగించేది ఎప్పుడూ దీంతోనే. ఒక్క ఖర్చు కూడా తీయకముందే 6 శాతం కాస్తా 5.56కి దిగింది.

## 4. ఖాళీ నెలల లెక్క: శాతం ఊహించొద్దు, చక్రం పట్టుకోండి

ఇక్కడే కాసేపు ఆగాలి, అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే.

"ఖాళీకి ఒక 5 శాతం వేసుకున్నా" అంటారు. 5 ఎందుకు, 10 ఎందుకు కాదు అంటే సమాధానం ఉండదు. ఒకటో రెండో ఫ్లాట్లున్న చిన్న ఇన్వెస్టర్‌కి సగటు శాతం పెద్దగా పనిచేయదు కూడా. వంద ఫ్లాట్లున్నవాడికి ఎప్పుడూ ఐదు ఖాళీగా ఉంటాయి, మీకున్నది ఒకటే కాబట్టి అది పూర్తిగా నిండి ఉంటుంది, లేదా పూర్తిగా ఖాళీగా ఉంటుంది.

అందుకని ఇలా ఆలోచించండి. ఒక టెనెంట్ దిగిన రోజు నుంచి తర్వాతి టెనెంట్ దిగిన రోజు దాకా ఒక చక్రం. అందులో రెండే భాగాలు, అద్దె వచ్చే నెలలు, రాని నెలలు.

మన ఫ్లాట్‌లో టెనెంట్ సగటున 22 నెలలు ఉంటాడు, తర్వాత 2 నెలలు ఖాళీ అనుకుందాం. చక్రం 24 నెలలు. ఖాళీ భాగం 2 ÷ 24, అంటే 8.3 శాతం. ఏడాది అద్దె 60,000లో 5,000 ఎగిరిపోయింది, చేతికొచ్చేది 55,000.

ఖాళీ నెలలు లెక్కపెట్టేటప్పుడు అద్దె ఆగిన రోజు నుంచి మళ్లీ అద్దె మొదలైన రోజు దాకా పెట్టాలి. పెయింట్ వేయించిన రెండు వారాలు, తాళం చేతులు మారిన వారం, కొత్తవాళ్లు "ఒకటో తారీఖు నుంచి దిగుతాం" అన్నప్పుడు పోయిన పది రోజులు, ఇవన్నీ ఖాళీలోనే వస్తాయి. చాలామంది ఇంటిని చూపించడం మొదలుపెట్టినప్పట్నుంచి లెక్కేసి "మాకు నెలలోనే దొరికారు" అనుకుంటారు.

నాకు మొదటిసారి ఫ్లాట్ ఖాళీ అయినప్పుడు జరిగింది చెప్తా. ఐదు వారాలు మూసి ఉంచాం, చూడ్డానికి వచ్చినవాళ్లు రెండు నిమిషాల్లో వెళ్లిపోతున్నారు, అద్దె ఎక్కువైందేమో అని తగ్గించాను కూడా. తీరా నేనే వెళ్లి తలుపు తీస్తే బాత్రూంలోంచి డ్రైనేజీ కంపు. ఫ్లోర్ డ్రెయిన్ కింద వంపు గొట్టంలో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి, ఆ నీళ్లే గాలిని పైకి రాకుండా ఆపుతాయి, వారాల తరబడి ఎవరూ నీళ్లు పోయకపోతే అది ఎండిపోతుంది. ఒక మగ్గు నీళ్లు పోస్తే పోయే సమస్యకి నేను నెల అద్దె పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఇల్లు ఖాళీగా ఉంటే వారానికోసారి అన్ని డ్రెయిన్లలో, సింక్‌లో నీళ్లు పోయించి, కిటికీలు ఓ గంట తెరిపిస్తాను.

ఖాళీని కుదించడానికి నేను పాటించే చెక్‌లిస్ట్ ఇది:

- నోటీసు వచ్చిన రోజే కొత్తవాళ్ల కోసం చెప్పడం, ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఆగకపోవడం
- టెనెంట్ ఉండగానే ఓసారి వెళ్లి ఏమేం రిపేర్లు కావాలో రాసుకోవడం
- పెయింటర్, ప్లంబర్‌కి తేదీ ముందే చెప్పిపెట్టడం
- ఖాళీగా ఉన్నన్నాళ్లూ వారానికోసారి నీళ్లు, గాలి

## 5. టెనెంట్ మారినప్పుడల్లా పడే ఖర్చు

ఖాళీ అంటే పోయిన అద్దె ఒక్కటే అనుకుంటే సగమే లెక్కేసినట్టు. మారిన ప్రతిసారీ బ్రోకర్‌కి ఇవ్వాలి, గోడలకి టచప్ చేయించాలి, లోతుగా క్లీనింగ్ చేయించాలి, తాళం మార్చాలి.

మన కేసులో బ్రోకర్‌కి ఒక నెల అద్దె 5,000, మిగతావన్నీ కలిపి 4,000, మొత్తం 9,000. ఇది 24 నెలలకోసారి పడుతుంది కాబట్టి ఏడాదికి 4,500.

ఖాళీ వల్ల 5,000, మార్పు వల్ల 4,500, రెండూ కలిపితే 9,500. అద్దెలో దాదాపు 16 శాతం. ఖాళీకి 5 శాతం వేసుకున్నాయన లెక్క ఎంత దూరంలో ఆగిపోయిందో చూడండి.

## 6. మెయింటెనెన్స్: ఈ ఏడాది బిల్లు చూసి మోసపోవద్దు

ఇంటి ఖర్చు రెండు రకాలుగా వస్తుంది, రెండింటినీ విడివిడిగా రాయాలి.

ఒకటి చిల్లర రిపేర్లు. ట్యాప్ వాషర్, ఫ్లష్ ట్యాంక్, స్విచ్, తలుపు గొళ్లెం, ఇలాంటివి ఏటా ఏదో ఒకటి ఉంటుంది. మన ఫ్లాట్‌కి ఏడాదికి 3,000 పెడదాం.

రెండోది పెద్ద ఖర్చులు. ఇవి ఏటా రావు, అదే వీటితో వచ్చిన చిక్కు. ఐదేళ్లు అసలు కనపడవు, ఆరో ఏడు ఒకేసారి వచ్చి పడతాయి. వీటిని పట్టుకునే పద్ధతి తేలికే, ఒక్కో వస్తువు మార్చడానికి అయ్యే ఖర్చుని అది పనిచేసే ఏళ్లతో భాగించండి:

- గీజర్: 3,200, 8 ఏళ్లు, ఏడాదికి 400
- ఇల్లంతా పెయింటింగ్: 12,000, 6 ఏళ్లు, ఏడాదికి 2,000
- ప్లంబింగ్ ఫిట్టింగులు: 6,000, 10 ఏళ్లు, ఏడాదికి 600
- కిచెన్, బాత్రూం మళ్లీ చేయించడం: 40,000, 20 ఏళ్లు, ఏడాదికి 2,000

మొత్తం 5,000. చిల్లర రిపేర్లతో కలిపి ఏడాదికి 8,000. ఈ ధరలు, ఏళ్లు నా ఉదాహరణ కోసం వేసినవి, మీ ఊళ్లో పనివాళ్ల రేట్లు కనుక్కుని మీవి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే ఉంచండి.

కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లు ఇక్కడ బాగా దెబ్బతింటారు. మొదటి ఏడాది రిపేర్లకి 500 కూడా అవ్వదు, దాంతో "నా నెట్ బానే ఉంది" అనుకుని ఆ మిగులుని వాడేసుకుంటారు. ఆ ఏడు మిగిలిన 7,500 లాభం కాదు, గీజర్ది, గోడలది, వంటగదిది, కాకపోతే ఇంకా అడగలేదు అంతే. వేరే అకౌంట్‌లో వేసి ముట్టుకోకుండా ఉంచితే ఆరో ఏడు అప్పు చేయాల్సిన పని ఉండదు.

ఆస్తి విలువలో ఏడాదికి 1 శాతం మెయింటెనెన్స్‌కి పెట్టుకోమని ఒక మాట బాగా తిరుగుతూ ఉంటుంది. ఏమీ తెలియనప్పుడు అది నయమే గానీ దానిమీద పూర్తిగా ఆధారపడకండి. ధరలో పెద్ద భాగం స్థలానిది, లొకేషన్‌ది, స్థలానికి రిపేర్ ఉండదు కదా. మంచి లొకేషన్‌లో ఉండి రెట్టింపు ధర పలికే ఫ్లాట్‌లోనూ గీజర్ ఒకటే, గోడలు అవే, కాబట్టి 1 శాతం అక్కడ ఎక్కువైపోతుంది. చవకగా దొరికే పాత ఫ్లాట్‌లో అదే 1 శాతం ఏ మూలకీ చాలదు.

ఇంకోటి, చిన్న రిపేర్‌ని వాయిదా వేయడం వల్ల నెట్ ఈల్డ్ పెరిగినట్టు కనిపిస్తుంది, ఆ ఏడాది వరకే. బాత్రూం టైల్స్, గోడ కలిసే చోట సీలెంట్ ఊడిపోయిందనుకోండి, మళ్లీ వేయించడం ఓ పూట పని. వదిలేస్తే నీళ్లు గోడలోకి దిగి ఇటువైపు గదిలో పెయింట్ ఉబ్బి పెచ్చులూడుతుంది, కింద ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ దిగితే వాళ్ల రిపేర్ కూడా మీ మీదకే వస్తుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు సింక్ కింద అల్మరాలో చేయిపెట్టి తడిమి చూడండి, బాత్రూం గోడకి అవతలి వైపు కింది జానెడు భాగం తట్టి చూడండి, డొల్లగా వినిపించినా చెమ్మ తగిలినా అప్పుడే ప్లంబర్‌ని పిలవాలి.

## 7. మిగిలిన ఖర్చులు, అసలు నెట్ అంకె

ఇవి త్వరగా అయిపోతాయి, బిల్లులు ఉంటాయి కాబట్టి ఊహించాల్సిందేమీ లేదు. బిల్డింగ్ మెయింటెనెన్స్ నెలకి 450, అంటే 5,400. ఆస్తి పన్ను 2,400. ఇన్సూరెన్స్ 1,200. మొత్తం 9,000. బిల్డింగ్ మెయింటెనెన్స్ టెనెంటే కడతాడని అగ్రిమెంట్‌లో ఉన్నా దాన్ని మీ ఖర్చుల్లోంచి పూర్తిగా కొట్టేయకండి, ఖాళీగా ఉన్న నెలల్లో అది మీరే కట్టాలి.

ఇప్పుడు అంతా వరుసగా పెడదాం:

- ఏడాది అద్దె: 60,000
- ఖాళీ: 5,000 తీసేస్తే 55,000
- టెనెంట్ మార్పు ఖర్చు: 4,500 తీసేస్తే 50,500
- రిపేర్లు, పెద్ద ఖర్చుల వాటా: 8,000 తీసేస్తే 42,500
- మెయింటెనెన్స్, పన్ను, ఇన్సూరెన్స్: 9,000 తీసేస్తే 33,500

33,500ని 10,80,000తో భాగిస్తే 3.1 శాతం. 6 అని మొదలుపెట్టాం.

వచ్చే ప్రతి 100 అద్దెలో 44 దాకా మీ దగ్గర ఆగట్లేదన్నమాట. ఇల్లు చూసుకోవడానికి ఎవరినైనా పెట్టి వసూలైన అద్దెలో 8 శాతం ఇస్తే ఇంకో 4,400 పోయి 2.7కి దిగుతుంది. మీరే చూసుకుంటున్నారంటే ఆ 4,400 మీ కష్టానికి కూలి, పెట్టుబడి మీద రాబడి కాదు, రెండు ఫ్లాట్లని పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

## 8. తరచూ చేసే తప్పులు, సరిచేసే దారి

బ్యాంకు వాయిదాని నెట్ ఈల్డ్‌లో కలపడం. నెట్ ఈల్డ్ ఇంటి గురించి చెప్తుంది, మీరు డబ్బు ఎక్కడ్నుంచి తెచ్చారో దానికి సంబంధం లేదు. వాయిదా తీసేశాక మిగిలేది మీ చేతి క్యాష్, దాన్ని కింద వేరే లైన్‌లో రాయండి. కాకపోతే రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, నెట్ 3.1 ఉండి లోన్ వడ్డీ 8 ఉంటే అప్పు తెచ్చిన ప్రతి వందకీ ఏటా దాదాపు 5 మీ జీతంలోంచి వెళ్తోందని అర్థం. ఆదాయపు పన్ను కూడా అంతే, మనిషిని బట్టి మారుతుంది కాబట్టి నెట్ తర్వాత వేరే లైన్‌లో రాయాలి.

అడ్వాన్స్‌ని ఆదాయంగా చూడటం. అది తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. లెక్కలోకే రాకూడదు.

పదేళ్ల కిందటి ధరతో భాగించడం. అప్పుడు 5,00,000కి కొన్నారు, ఇప్పుడు 10,00,000 పలుకుతోంది, నెట్ 33,500 వస్తోంది, పాత ధర మీద చూస్తే 6.7 శాతం కనపడుతుంది. మనసుకి బాగుంటుంది గానీ ఉంచాలా అమ్మాలా అని తేల్చుకోవడానికి పనికిరాదు. ఈరోజు అమ్మితే ఖర్చులు పోను చేతికి ఎంతొస్తుందో దాంతో భాగించాలి, ఎందుకంటే మీరు ఆ ఇంట్లో ఇప్పుడు ఇరికించి ఉంచిన డబ్బు అది.

ధర పెరుగుదలని ఈల్డ్‌లో కలిపేయడం. "3 శాతం అద్దె, 6 శాతం రేటు పెరుగుదల, మొత్తం 9" అంటారు. మొదటిది ఏటా చేతికొచ్చేది, రెండోది అమ్మినప్పుడు గానీ తేలనిది. విడివిడిగా ఉంచండి.

ఒకే ఖర్చుని రెండుసార్లు తీసేయడం. జాగ్రత్తపరులు చేసే తప్పిది. ఖాళీ నెలల్లో మీరు కట్టిన పన్ను, ఇన్సూరెన్స్ ఏడాది మొత్తంలో ఎలాగూ ఉన్నాయి, మళ్లీ ఖాళీ కింద కలపక్కర్లేదు. ఖాళీ టైంలో వేయించిన టచప్ మార్పు ఖర్చులో ఉంది, దాన్ని చిల్లర రిపేర్లలో రాయకండి.

## 9. ఇదే లెక్కతో రెండు నిర్ణయాలు

అద్దె పెంచాలా, టెనెంట్‌ని నిలుపుకోవాలా?

మన టెనెంట్‌కి అద్దె 5,000 బదులు 4,750 చేశాం, దానివల్ల 46 నెలలు ఉన్నాడు, తర్వాత 2 నెలలు ఖాళీ, అనుకుందాం. ఏడాది అద్దె 57,000. ఖాళీ 2,375కి తగ్గుతుంది. మార్పు ఖర్చు బ్రోకర్‌కి 4,750, మిగతా 4,000 కలిపి 8,750, అదీ నాలుగేళ్లకోసారే కాబట్టి ఏడాదికి దాదాపు 2,190. రిపేర్ల 8,000, మెయింటెనెన్స్, పన్ను, ఇన్సూరెన్స్ 9,000 కలిపి 17,000 అలాగే. మిగిలేది 35,400 పైనే, నెట్ 3.3 శాతం.

తక్కువ అద్దెకి ఇచ్చి కూడా ముందటి 33,500 కన్నా ఎక్కువే మిగిలింది. అటువైపు చూస్తే, అదే 5,000 అద్దెకి టెనెంట్ 11 నెలలకే మారిపోతూ మధ్యలో 2 నెలలు ఖాళీ ఉంటే మిగిలేది దాదాపు 25,500, నెట్ 2.4. 5,000 అద్దెకి టెనెంట్ 22 నెలలున్నా 11 నెలలున్నా గ్రాస్ మాత్రం ఆ 6 శాతమే చూపిస్తుంది.

తగ్గిస్తే టెనెంట్ కచ్చితంగా ఉంటాడని గ్యారంటీ లేదు, ట్రాన్స్‌ఫర్ వస్తే వెళ్లిపోతాడు. కానీ పోయేది ఎంత, మిగిలేది ఎంత అని తెలిసి బేరమాడటం వేరు.

ఇలాంటిదే ఇంకోటి, 5,000కి ఇప్పుడే దిగుతామంటున్నారు, ఆగితే 5,200 వస్తుందేమో అనిపిస్తుంది. ఒక నెల ఆగితే పోయేది 5,000. నెలకి 200 ఎక్కువ వస్తే అది పూడటానికి 25 నెలలు పడుతుంది, మన టెనెంట్ సగటున ఉండేది 22. కాబట్టి ఆగకూడదు.

గ్రాస్ ఎక్కువున్న చవక ఫ్లాట్ తీసుకోవాలా?

పాత బిల్డింగ్‌లో 6,00,000కి ఫ్లాట్ ఉంది, అద్దె 4,000, గ్రాస్ 8 శాతం. మన 6 శాతం ఫ్లాట్ కన్నా ఎంతో మెరుగ్గా కనిపిస్తుంది.

అడిగి చూస్తే అక్కడ ఏడాదికోసారి జనం మారుతున్నారు, మారినప్పుడల్లా 2 నెలలు ఖాళీ. చక్రం 14 నెలలు. ఏడాది అద్దె 48,000లో ఖాళీకి పోయేది 6,860 దాకా. మార్పు ఖర్చు ఒక్కోసారి 8,000 అనుకుంటే ఏడాదికి అదీ 6,860 దాకా అవుతుంది. పాత పైపులు, పాత వైరింగ్, రిపేర్లకి 12,000. మెయింటెనెన్స్, పన్ను, ఇన్సూరెన్స్ 8,000. మిగిలేది 14,280.

కొనుగోలు ఖర్చులతో పెట్టుబడి 6,60,000 అనుకుంటే నెట్ 2.2 శాతం. 8 శాతం ఫ్లాట్ 6 శాతం ఫ్లాట్ కన్నా కిందికి పోయింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, అద్దె తక్కువ కదా అని ప్లంబర్ కూలి తగ్గించుకోడు, గీజర్ సగం ధరకి రాదు. అద్దె చిన్నదయ్యేకొద్దీ అవే ఖర్చులు దాంట్లో పెద్ద ముక్క తినేస్తాయి.

## 10. షీట్‌లో పెట్టుకోండి, ఏడాదికోసారి సరిచూడండి

స్ప్రెడ్‌షీట్‌లో B1 నుంచి B8 దాకా ఈ వరుసలో నింపండి: ధర, కొనుగోలు ఖర్చులు, నెల అద్దె, టెనెంట్ ఉండే నెలలు, ఖాళీ నెలలు, ఒక్కసారి మారితే అయ్యే ఖర్చు, ఏడాది రిపేర్లు పెద్ద ఖర్చుల వాటాతో కలిపి, ఏడాది పన్ను ఇన్సూరెన్స్ మెయింటెనెన్స్. తర్వాత కింద రెండు సెల్స్‌లో ఇవి వేయండి, మొదటిది గ్రాస్, రెండోది నెట్. సెల్ ఫార్మాట్ శాతంలోకి మార్చుకోండి.

```
=B3*12/B1
=(B3*12*B4/(B4+B5)-B6*12/(B4+B5)-B7-B8)/(B1+B2)
```

మన ఫ్లాట్ అంకెలు 1000000, 80000, 5000, 22, 2, 9000, 8000, 9000 వేస్తే 6 శాతం, 3.1 శాతం రావాలి. రాకపోతే ఏదో సెల్ తప్పింది, మీ అంకెలు వేసే ముందు ఇది సరిచూసుకోండి.

కొనే ముందు B5లో ఖాళీని రెట్టింపు చేసి, B4లో ఉండే నెలల్ని సగం చేసి ఓసారి చూడండి. ఆ వచ్చిన అంకెతో కూడా మీకు పర్వాలేదనిపిస్తేనే ముందుకెళ్లండి. మన ఫ్లాట్‌కి అలా చేస్తే, 11 నెలలు ఉండి 4 నెలలు ఖాళీ అంటే, నెట్ 1.8కి వస్తుంది.

కొన్నాక ఏడాది చివర్లో ఊహించిన అంకెల పక్కనే నిజంగా అయినవి ఇంకో కాలమ్‌లో వేయండి. B7కి మాత్రం ఆ ఏడు అయిన బిల్లు వేయొద్దు, వాటా లెక్కే ఉంచండి, గీజర్ మారిన రోజున దాని అసలు ధర చూసి ఆ ఒక్క లైన్ సవరించండి. టెనెంట్ దిగిన తేదీ, ఖాళీ చేసిన తేదీ, తర్వాతి అద్దె మొదలైన తేదీ, ఈ మూడూ అదే షీట్‌లో రాస్తూ పొండి, రెండు చక్రాలు తిరిగేసరికి B4, B5లో బ్రోకర్ చెప్పిన అంకెల బదులు మీ ఇంటి అంకెలే ఉంటాయి.